గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌ని పలచన చేయడం ఎలా? నీళ్లలోకే యాసిడ్ ఎందుకు పోయాలి?

"రెండూ కలిశాక వచ్చేది ఒకటే కదా, ఏది ముందు పోస్తే ఏమైంది?" ల్యాబ్‌లో కొత్తగా చేరిన వాళ్లూ, ప్రాక్టికల్స్‌కి వచ్చే పిల్లలూ ప్రతి ఏడాదీ అడిగే ప్రశ్న ఇది. పదో తరగతి పుస్తకంలో జవాబు రెండు ముక్కల్లో ఉంటుంది: యాసిడ్‌నే నీళ్లలో పోయాలి, ఎందుకంటే బాగా వేడి పుడుతుంది. ఆ మాట అందరికీ నోటికి వచ్చు. కానీ వేడి ఎటు నుంచి కలిపినా పుడుతుంది కదా అన్నప్పుడు చాలామంది దగ్గర సమాధానం ఉండదు.

ఆ అనుమానం న్యాయమైనదే. అందుకే ముందు దాన్ని కాస్త తీరికగా చూద్దాం. తర్వాత 98 శాతం గాఢ యాసిడ్ నుంచి ఒక లీటరు 1 మోలార్ యాసిడ్ ఎలా తయారు చేయాలో వరసగా చెబుతాను. పొటాషియం పర్మాంగనేట్ టైట్రేషన్లకు కాలేజీ ల్యాబుల్లో ఎక్కువగా వాడేది ఇదే. ఇది ల్యాబ్‌లో, బాధ్యత ఉన్న వాళ్లు దగ్గరుండి చేయించాల్సిన పని. ఇంట్లో చేసేది కాదు.

వేడి అంతే, దాన్ని మోసేవే వేరు

ఒక మోల్ సల్ఫ్యూరిక్ యాసిడ్ అంటే 98 గ్రాములు. గాఢ యాసిడ్ సీసాలోంచి తీస్తే సుమారు 54 మిల్లీలీటర్లు. దాన్ని లీటరు ద్రావణంగా పలచన చేస్తే మొత్తం మీద 65 నుంచి 70 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది. ముందు నీళ్లు పోసినా, ముందు యాసిడ్ పోసినా ఈ మొత్తం మారదు. "వచ్చేది ఒకటే కదా" అన్నవాళ్లు ఇక్కడి వరకూ కరెక్టే.

తేడా అంతా మధ్యలో ఉంది. వేడి పుడుతున్న ఆ క్షణంలో దాన్ని పీల్చుకోవడానికి బీకరులో ఏముంది, ఎంత ఉంది అన్నదే అసలు సంగతి. రెండు వైపులా ఐదేసి మిల్లీలీటర్లు పోసి లెక్క చూద్దాం.

మొదట సరైన పద్ధతి. బీకరులో అర లీటరు నీళ్లున్నాయి. అందులో 5 మిల్లీలీటర్ల గాఢ యాసిడ్ పోశారు. సుమారు 6.5 కిలోజౌళ్ల వేడి పుట్టింది. అర లీటరు నీళ్లు ఆ వేడిని పంచుకుంటే ఉష్ణోగ్రత పెరిగేది 3 డిగ్రీలు. థర్మామీటర్ చూస్తే తప్ప మీకు తెలియదు కూడా.

ఇప్పుడు తిప్పి చూడండి. బీకరులో 50 మిల్లీలీటర్ల గాఢ యాసిడ్ ఉంది. అందులో 5 మిల్లీలీటర్ల నీళ్లు పోశారు. ఈసారి పుట్టే వేడి 8 నుంచి 9 కిలోజౌళ్లు. ముందుదాని కంటే మరీ ఎక్కువేం కాదు. కానీ పీల్చుకోవడానికి ఉన్నది 92 గ్రాముల యాసిడ్ మాత్రమే. పైగా ఒక గ్రాము నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి ఎంత వేడి తీసుకుంటుందో, ఒక గ్రాము గాఢ యాసిడ్ అందులో మూడో వంతే తీసుకుంటుంది. దాంతో ఉష్ణోగ్రత ఒక్కసారిగా 50 డిగ్రీలకు పైగా ఎగబాకుతుంది. గది 30 డిగ్రీలుంటే బీకరు 80 దాటుతుందన్నమాట. మీరు పోసింది ఒక టీస్పూను నీళ్లు.

ఇది కూడా రెండూ పూర్తిగా కలిసిపోయాయని అనుకుని వేసిన లెక్క. నిజంగా అలా కలవవు. గాఢ యాసిడ్ సాంద్రత 1.84. అంటే నీటికంటే దాదాపు రెట్టింపు బరువు. దానిమీద పోసిన నీళ్లు పైనే తేలతాయి. యాసిడ్ నీటికంటే బాగా చిక్కన కాబట్టి దానంతట అది పైకి వచ్చి నీటితో కలవదు. రెండూ తగిలేది ఒక పలచటి పొర దగ్గర. పుట్టిన వేడంతా ఆ పొరలోనే ఉండిపోతుంది. 30 డిగ్రీల దగ్గరున్న ఒక గ్రాము నీటిని మరిగే దాకా తేవడానికి సుమారు 300 జౌళ్లు చాలు. గాఢ యాసిడ్‌ని మొదట తాకిన ఒక గ్రాము నీరు వెలువరించే వేడి 2,000 జౌళ్ల దరిదాపుల్లో ఉంటుంది. అంటే ఆ నీరు మరిగి తీరాల్సిందే. కాగిన నూనెలో తడి గరిటె పెడితే నూనె ఎలా చిట్లి మీద పడుతుందో, ఇక్కడ పుట్టిన ఆవిరి చుట్టూ ఉన్న గాఢ యాసిడ్‌ని అలా ఎగరేస్తుంది. అది కూడా సరిగ్గా బీకరు మీదికి వంగి పోస్తున్నవారి ముఖం ఎత్తుకి.

నీళ్లలో యాసిడ్ పోసినప్పుడు అదే బరువు మనకు సాయం చేస్తుంది. యాసిడ్ పైన ఆగకుండా అడుగుకి దిగుతుంది. దిగే దారంతా చుట్టూ చల్లటి నీళ్లే కాబట్టి వేడి వెంటవెంటనే పంచుకుపోతుంది. బీకరుని వెలుతురు వైపు పెట్టి పక్కనుంచి గమనిస్తే ఇది కంటికి కనిపిస్తుంది. యాసిడ్ దిగిన చోట నీళ్లలో సన్నటి గీతలు మెలికలు తిరుగుతూ కిందికి జారతాయి. కడ్డీతో కలపగానే మాయమవుతాయి. ఈ గీతల అవసరం ముందు ముందు వస్తుంది, గుర్తుంచుకోండి.

ఏమేం కావాలి

- గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్, 98 శాతం, సాంద్రత 1.84. లేబుల్ మీద ఈ రెండు అంకెలూ చూసుకోండి.
- లీటరుకి పైగా డిస్టిల్డ్ వాటర్, గది ఉష్ణోగ్రతలో.
- లీటరు బోరోసిలికేట్ బీకరు, పగుళ్లూ గీతలూ లేనిది.
- 100 మిల్లీలీటర్ల గాజు మెజరింగ్ సిలిండర్, లోపల పూర్తిగా ఆరినది.
- గాజు కడ్డీ, 110 డిగ్రీల దాకా చూపే థర్మామీటర్.
- లీటరు స్టాండర్డ్ ఫ్లాస్క్, గరాటు.
- బీకరు పట్టేంత ప్లాస్టిక్ టబ్బు, అందులో చన్నీళ్లు.
- కళ్లజోడు కాదు, పక్కలు కూడా మూసి ఉండే సేఫ్టీ గాగుల్స్. నూలు ల్యాబ్ కోటు, కాళ్లు పూర్తిగా కప్పే బూట్లు.
- నియోప్రీన్ లేదా బ్యూటైల్ రబ్బరు గ్లౌజులు. పలచటి నైట్రైల్ గ్లౌజుల్ని గాఢ యాసిడ్ త్వరగా పాడుచేస్తుంది. అవే దిక్కయితే చుక్క పడిన వెంటనే తీసేసి చెయ్యి కడుక్కోవాలి.
- పొడి ఇసుక, సోడియం బైకార్బనేట్. ఇంకా, అడుగు దూరంలో నీళ్లొస్తున్న కుళాయి. మొదలుపెట్టే ముందే తిప్పి చూసుకోండి. ట్యాంకు ఖాళీగా ఉన్న రోజు ఈ పని పెట్టుకోవద్దు.

ఎంత యాసిడ్ తీసుకోవాలి?

సాంద్రత 1.84 అంటే లీటరు యాసిడ్ 1,840 గ్రాములు. అందులో 98 శాతం, అంటే సుమారు 1,803 గ్రాములు అసలు యాసిడ్. మోల్ బరువు 98తో భాగిస్తే 18.4 మోలార్. లీటరు 1 మోలార్ ద్రావణానికి ఒక మోల్ కావాలి కాబట్టి 1000ని 18.4తో భాగించండి, 54.3 మిల్లీలీటర్లు వస్తుంది. మెజరింగ్ సిలిండర్‌లో పాయింట్లు చూడటం కుదరదు, 55 తీసుకుంటే సరిపోతుంది. కచ్చితమైన గాఢత ఎలాగూ చివర్లో టైట్రేషన్ చేసే తెలుసుకోవాలి.

ఇక పని

1. బీకరులో 600 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోసి, దాన్ని చన్నీళ్ల టబ్బులో కూర్చోబెట్టండి. టబ్బులో నీళ్లు బీకరు సగం ఎత్తు దాకా ఉంటే చాలు. ఎక్కువైతే బీకరు తేలి ఒరిగిపోతుంది. పని మధ్యలో, వేడెక్కాక, హడావిడిగా ఐసు నీళ్లలో పెడదాంలే అనుకోవద్దు. మొదటి నుంచీ టబ్బులోనే ఉండాలి. థర్మామీటర్‌తో మొదటి ఉష్ణోగ్రత చూసి రాసుకోండి.

నీళ్లు 600 ఎందుకు, మొత్తం 945 ఒకేసారి పోయొచ్చు కదా అంటే, బీకరు నిండుగా ఉంటే కలిపేటప్పుడు ఒలుకుతుంది. తర్వాత బీకరు కడగడానికీ, ఫ్లాస్క్ మెడ మీదున్న గీత దాకా నింపడానికీ నీళ్లు మిగలాలి. అలాగని 600ని 200కి తగ్గించకండి. వేడిని మోసేది ఆ నీళ్లే.

2. యాసిడ్ సీసాని రెండు చేతులతో తీసుకురండి. రెండున్నర లీటర్ల సీసాలో యాసిడే నాలుగున్నర కిలోలు ఉంటుంది. అలవాటు లేని చేతికి ఆ బరువు ఆశ్చర్యంగా అనిపించి జారిపోతుంది. సీసా నుంచి నేరుగా నీళ్లలోకి పోయకండి. ముందు కొంత చిన్న బీకరులోకి తీసుకుని, అందులోంచి సిలిండర్‌లో 55 కొలవండి. పిపెట్‌తో నోటితో పీల్చడం అన్న ఆలోచనే రానివ్వద్దు.

3. సిలిండర్ లోపల తడి లేదని మరోసారి చూసుకోండి. "ఎలాగూ నీళ్లలోనే పోస్తాం కదా, తడి ఉంటే ఏంటి?" అంటారు. అడుగున మిగిలిన అర చెంచా నీళ్ల మీద గాఢ యాసిడ్ పడితే, అక్కడ యాసిడ్ ఎక్కువ, నీళ్లు తక్కువ. అంటే పైన చెప్పిన తప్పు పద్ధతే సన్నటి గొట్టంలో జరిగినట్టు. సిలిండర్ చేతిలోనే వేడెక్కి పట్టు వదిలేస్తారు.

4. గాజు కడ్డీని బీకరులో ఉంచి, యాసిడ్‌ని కడ్డీ వెంటగానీ బీకరు లోపలి గోడ వెంటగానీ సన్నటి ధారగా వదలండి. ఒక్కో విడతకి 5 మిల్లీలీటర్లకు మించొద్దు. ముఖం బీకరుకి నేరుగా పైన ఉండకూడదు. చేయి చాపినంత దూరంలో, పక్కగా నిలబడండి.

5. ప్రతి విడత తర్వాత ఆగి, కడ్డీతో అడుగు నుంచి పైకి కలపండి. ఇక్కడే పైన చెప్పిన గీతల్ని చూడాలి. గీతలు పూర్తిగా మాయమయ్యాకే తర్వాతి విడత. కలపకుండా పోసుకుంటూ పోతే బరువైన యాసిడ్ అడుగున పొరగా పేరుకుంటుంది. పైన నీళ్లు చల్లగానే ఉంటాయి, థర్మామీటర్ కూడా పైపైన ముంచితే ఏమీ చూపదు. అంతా బాగుందనుకుని చివర్లో ఒక్కసారిగా కడ్డీ తిప్పితే, ఆ పొర మొత్తం ఒకేసారి నీళ్లతో కలిసి వేడంతా ఒక్క క్షణంలో వదులుతుంది. వరస సరిగ్గా పాటించి కూడా ప్రమాదం తెచ్చుకునే దారి ఇది. నీళ్లలో యాసిడ్ పోయడం ఎంత ముఖ్యమో, పోస్తూ కలపడం అంతే ముఖ్యం.

6. రెండు మూడు విడతలకోసారి థర్మామీటర్‌ని మధ్యలో ముంచి చూడండి. దాంతో కలపకండి, బల్బు పగులుతుంది. టబ్బు లేకుండా చేస్తే 55 మిల్లీలీటర్లూ అయ్యేసరికి ఉష్ణోగ్రత సుమారు 25 డిగ్రీలు పెరుగుతుంది. 30తో మొదలుపెడితే 55 దాకా అన్నమాట. టబ్బులో పెట్టి నెమ్మదిగా చేస్తే ఇంకా తక్కువే. 60 దాటుతోందంటే మీరు తొందరపడుతున్నారు. లేదా నీళ్లు తక్కువ పోశారు, లేదా యాసిడ్ ఎక్కువ కొలిచారు. వెంటనే ఆపి, చల్లారనిచ్చి, లెక్క మళ్లీ చూసుకోండి.

7. యాసిడ్ అంతా పోశాక ద్రావణాన్ని గది ఉష్ణోగ్రతకు రానివ్వండి. ఇది అరగంట పడుతుందో గంట పడుతుందో టబ్బు నీళ్లను బట్టి ఉంటుంది. థర్మామీటరే చెప్పాలి. చేత్తో తాకి "చల్లారింది" అనుకోవద్దు.

8. గరాటు పెట్టి స్టాండర్డ్ ఫ్లాస్క్‌లోకి మార్చండి. బీకరునీ కడ్డీనీ కొంచెం కొంచెం డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడుసార్లు కడిగి ఆ నీళ్లు కూడా ఫ్లాస్క్‌లోనే పోయండి. ఇప్పుడు నీళ్లు పోసి గీత దాకా నింపొచ్చు. మూత పెట్టి తలకిందులు చేస్తూ బాగా కలపండి.

9. మరో సీసాలోకి మార్చి వెంటనే లేబుల్ అంటించండి: పేరు, గాఢత, తేదీ, తయారుచేసిన వారి పేరు. లేబుల్ లేని రంగులేని ద్రవం ల్యాబ్‌లో అందరికీ నీళ్లలాగే కనిపిస్తుంది.

"ఇప్పుడు యాసిడ్‌లో నీళ్లు పోస్తున్నాం కదా?"

ఎనిమిదో మెట్టు దగ్గర ఎవరో ఒకరు తప్పకుండా ఆపి అడుగుతారు. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోస్తున్నారు కదా, అదేమిటని కూడా అడుగుతారు. రెండింటికీ జవాబు ఒకటే. యాసిడ్ ఇప్పటికే నీళ్లతో కలిసింది కాబట్టి, ఇవ్వాల్సిన వేడిలో చాలావరకు ఇచ్చేసింది.

చార్జింగ్ పూర్తయిన లెడ్ యాసిడ్ బ్యాటరీలో యాసిడ్ సాంద్రత 1.28 ఉంటుంది. అంటే సుమారు 37 శాతం. దానిలో పోసిన ఒక గ్రాము నీరు వెలువరించే వేడి, అదే గ్రాము 98 శాతం యాసిడ్‌లో పడితే వెలువడే దానిలో ముప్పయ్యో వంతు దరిదాపుల్లో ఉంటుంది. మన ఫ్లాస్క్‌లోని యాసిడ్ అంతకంటే చాలా పలచన. అందుకే రెండు చోట్లా నీళ్లు పోయొచ్చు. "యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు" అన్నమాట గాఢ యాసిడ్‌కి వర్తిస్తుంది. అంతేగానీ యాసిడ్ అన్న పేరున్న ప్రతిదానికీ కాదు.

పాల డెయిరీలో పనిచేసేవారు ఇంకో మాట అడుగుతారు. వెన్న శాతం చూసే గెర్బర్ పరీక్షలో బ్యూటైరోమీటర్‌లో ముందు యాసిడ్ 10 మిల్లీలీటర్లు పోసి, దానిమీద పాలు పోస్తారు కదా, పాలల్లో ఉన్నది ఎక్కువగా నీళ్లే కదా అని. నిజమే, అక్కడ వరస తిరగబడే ఉంది. కానీ ఆ పాలని ఎలా పోస్తారో గమనించండి. గొట్టం వంచి, గోడ వెంట, కదలకుండా, యాసిడ్ మీద పాలు విడిగా పొరగా నిలిచేలా వదులుతారు. కలవనంత వరకూ వేడి పుట్టదు. ఆ తర్వాత ఎమైల్ ఆల్కహాల్ వేసి, మూత గట్టిగా బిగించి, గుడ్డ చుట్టి పట్టుకుని అప్పుడు ఊపుతారు. గొట్టం బాగా వేడెక్కుతుంది. ఆ పరీక్షకి ఆ వేడి కావాలి కూడా. పైగా వాడేది 98 శాతం యాసిడ్ కాదు, సుమారు 90 శాతానికి ముందే పలచన చేసింది. కొత్తవాళ్లు పాలని నేరుగా యాసిడ్ మధ్యలో పడేట్టు పోస్తే అక్కడికక్కడే నల్లబడి పొంగుతుంది. మన నియమం వెనకున్న కారణమే అక్కడ కూడా పనిచేస్తోంది.

ఇంకా గాఢంగా కావాలంటే

1 మోలార్‌కి పైన చెప్పింది సరిపోతుంది. కానీ సగానికి సగం యాసిడ్ కావాలంటే, అంటే 50 మిల్లీలీటర్ల నీళ్లకి 50 మిల్లీలీటర్ల యాసిడ్, అప్పుడు సరైన వరస ఒక్కటే మిమ్మల్ని కాపాడదు. లెక్క ప్రకారం అక్కడ పుట్టే వేడి మొత్తం ద్రావణంలోనే ఉండిపోతే ఉష్ణోగ్రత 100 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. అంటే గది ఉష్ణోగ్రతతో మొదలుపెట్టినా మరిగే స్థాయికి చేరుతుంది.

ఇలాంటప్పుడు టబ్బులో ఐసు, నీళ్లు కలిపి పెట్టాలి. బీకరులోని నీళ్లు 10 డిగ్రీల దాకా చల్లబడ్డాక మొదలుపెట్టాలి. రెండేసి మిల్లీలీటర్ల చొప్పున పోస్తూ, ఉష్ణోగ్రత 40 దాటితే ఆగి, తగ్గాక మళ్లీ పోయాలి. ఐసు కరుగుతుంటే మళ్లీ వేస్తూ ఉండాలి. 100 మిల్లీలీటర్లకి కూడా గంట పడితే పడనివ్వండి. అవకాశం ఉంటే పని ఫ్యూమ్ హుడ్‌లో చేయండి. ఇంత గాఢత అవసరం లేని పనికి అవసరం లేకుండా సగానికి సగం యాసిడ్ తయారుచేసి పెట్టుకోవడం నాకు నచ్చదు.

అందరూ చేసే తప్పులు

పోసేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. ప్రమాదం ఎక్కువగా పని అయిపోయాక జరుగుతుంది. ఖాళీ అయిన సిలిండర్‌ని తీసుకెళ్లి కుళాయి కింద పెడతారు. కానీ అది ఖాళీ కాదు. గాఢ యాసిడ్ చిక్కన కాబట్టి గోడలకి పట్టుకుని నెమ్మదిగా అడుగుకి దిగుతుంది. రెండు నిమిషాలాగి చూస్తే అడుగున ఒక మిల్లీలీటరు దాకా చేరి ఉంటుంది. దానిమీద కుళాయి ధార పడితే, మనం ఇంతసేపూ తప్పించుకున్నది సింకు దగ్గర ఎదురవుతుంది. అప్పటికి గాగుల్స్ కూడా తీసేసి ఉంటారు. అందుకని సిలిండర్‌ని బీకరు మీద తలకిందులుగా కాసేపు పట్టుకుని కారనివ్వండి. తర్వాత నీళ్లు నిండిన టబ్బులో మొత్తం ముంచేయండి. అలా చేస్తే మిగిలిన యాసిడే నీళ్లలోకి వెళ్తుంది. ఆఖరి గాజు సామాను కడిగేదాకా గాగుల్స్ తీయకండి.

రెండోది, పని తగ్గుతుందని యాసిడ్‌ని నేరుగా స్టాండర్డ్ ఫ్లాస్క్‌లో పోయడం. ఆ సన్నటి మెడలోంచి కలపడం కుదరదు. యాసిడ్ అడుగున పొరగా ఉండిపోతుంది. వేడికి గాజు వ్యాకోచిస్తే ఫ్లాస్క్ కొలత కూడా నమ్మకం తప్పుతుంది. మామూలు గాజు సీసాలు, పచ్చడి జాడీలు అసలే వద్దు. ఒకవైపు వేడెక్కి ఒకవైపు చల్లగా ఉంటే అవి అడుగు ఊడిపోతాయి.

బల్ల మీద గాఢ యాసిడ్ ఒలికితే మొదట మగ్గుతో నీళ్లు కొట్టకండి. చుట్టూ, పైన పొడి ఇసుక వేసి పీల్చనివ్వండి. ఆ తర్వాత బైకార్బనేట్ కొంచెం కొంచెంగా చల్లండి. నురగ రావడం ఆగాక ఎత్తేసి, చివర్లో నీళ్లతో కడగండి. రంపపు పొట్టు, గుడ్డలు, కాగితాలు వాడొద్దు. గాఢ యాసిడ్ వాటిని నల్లగా మాడ్చేస్తుంది.

మరి ఒంటి మీద పడితే? ఇక్కడ చాలామంది అయోమయపడతారు, నీళ్లు పోస్తే వేడి పుడుతుందేమో అని. సందేహించకండి. వెంటనే కుళాయి కింద పెట్టి ధారగా, కనీసం 20 నిమిషాలు కడగండి. చర్మం మీద ఉన్నది పలచటి పొర. మీద పడేది లీటర్ల కొద్దీ నీళ్లు. పుట్టిన వేడిని ఆ ప్రవాహమే తీసుకుపోతుంది. ప్రమాదం చుక్కలు చుక్కలుగా చిలకరించడంలో ఉంది. యాసిడ్ పడిన బట్టల్ని కడుగుతూనే తీసేయాలి. చర్మం మీద సోడా రాయొద్దు. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని అలాగే కడుగుతూ, ఇంకొకరి చేత ఆసుపత్రికి ఏర్పాటు చేయించండి.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూడాలి

ముందు ఫ్లాస్క్ మెడ చూడండి. సాయంత్రం గీత దాకా నింపిన ద్రావణం మర్నాడు ఉదయానికి గీత కిందికి దిగిందంటే మీరు వేడిగా ఉన్నప్పుడే నింపేశారు. 50 డిగ్రీల దగ్గర గీత దాకా నింపిన లీటరు, 30కి వచ్చేసరికి ఏడెనిమిది మిల్లీలీటర్లు తగ్గుతుంది. ఫ్లాస్క్ మెడ సన్నగా ఉంటుంది కాబట్టి ఆ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. అప్పుడు నీళ్లు పోసి మళ్లీ గీతకి తెచ్చి కలిపితే సరిపోతుంది, పారబోయక్కర్లేదు.

హైడ్రోమీటర్ ఉంటే గది ఉష్ణోగ్రతలో ముంచండి. 1 మోలార్ యాసిడ్ సాంద్రత 1.06 దగ్గర ఉండాలి. 1.10 చూపిస్తోందంటే కొలతలో పెద్ద పొరపాటే జరిగింది. ఫ్లాస్క్ బాగా కలపకపోతే కూడా ఇలా తేడా వస్తుంది. పైనుంచి తీసిన శాంపిల్ తక్కువ, అడుగు నుంచి తీసింది ఎక్కువ చూపిస్తుంది. అందుకని కొట్టిపారేసే ముందు ఇంకోసారి తలకిందులు చేసి కలిపి చూడండి.

అసలు నమ్మదగ్గ పరీక్ష టైట్రేషన్. మీ యాసిడ్ 10 మిల్లీలీటర్లు పిపెట్ బల్బుతో తీసి 100కి పలచన చేయండి. అందులోంచి 10 మిల్లీలీటర్లు కోనికల్ ఫ్లాస్క్‌లో తీసుకుని రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేసి, ముందే ప్రామాణీకరించిన 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేయండి. సల్ఫ్యూరిక్ యాసిడ్ ఒక్కో మోల్‌కి రెండు మోల్‌ల హైడ్రాక్సైడ్ కావాలి కాబట్టి, సరిగ్గా 1 మోలార్ అయితే బ్యూరెట్ రీడింగ్ 20 మిల్లీలీటర్ల దగ్గర రావాలి. చాలామంది ఆ రెండుని మర్చిపోయి 10 దగ్గరే రంగు మారాలని ఎదురుచూస్తారు.

రీడింగ్ 18.8 వచ్చిందనుకోండి. 18.8ని 20తో భాగిస్తే 0.94. మీ యాసిడ్ 0.94 మోలార్. కొలత సరిగ్గానే తీశాం కదా అని తల పట్టుకోకండి. గాఢ యాసిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. మూత సరిగ్గా పెట్టని పాత సీసాలో అది 98 శాతం ఉండదు. లేబుల్ మీద అంకె మాత్రం అదే ఉంటుంది. ఇప్పుడు గాఢ యాసిడ్ ఇంకో మూడు మిల్లీలీటర్లు ఫ్లాస్క్‌లో పోసి సర్దుదామని చూడకండి. గీత దాటుతుంది, మెడలో వేడెక్కుతుంది. ఎక్కువ ల్యాబ్ పనులకు 0.94 అని కచ్చితంగా తెలిస్తే చాలు. లేబుల్ మీద 1 మోలార్ కొట్టేసి 0.94 అని రాయండి. గాఢ యాసిడ్ సీసా మీద కూడా ఆ తేదీతో ఒక గుర్తు పెట్టండి. వచ్చేసారి 55కి బదులు 58 మిల్లీలీటర్లు కొలవాలని తర్వాతివాళ్లకి తెలుస్తుంది.